ఫాంట్ దొరకని శుభలేఖలో పేర్లు మార్చడం: కార్డులో ఉన్న అక్షరాలతోనే కొత్త పేరు కట్టే పద్ధతి

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడేసరికి అమలాపురంలో మా షాపుకి వచ్చే పనుల్లో సగం ఇదే. చేతిలో ఫోను, ఫోనులో పాత శుభలేఖ బొమ్మ. "పేర్లు మార్చి ఇచ్చేయండి, అయిదు నిమిషాల పనే కదండీ" అంటారు. కింద తేదీ, ముహూర్తం, వేదిక వరకూ నిజంగానే అయిదు నిమిషాల పని. పేర్ల దగ్గరే ఉంటుంది తిరకాసు. అవి వంపులూ తోకలూ ఉన్న బంగారు రంగు అక్షరాలు. ఆ ఫాంట్ ఏదో ఎవరికీ తెలియదు, వెతికినా దొరకదు.

మొన్నటి సీజన్‌లో చేసిన ఒక పని మొదటినుంచీ చెబుతాను. ముక్కామల నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "ఆయ్, ఇది మా పెద్దమ్మాయి కార్డేనండి. ఆ సంబంధం బాగా కలిసొచ్చింది. చిన్నదానికీ ఇదే కావాలంటోంది మా ఆవిడ. అక్షరం కూడా మారకూడదంట." కార్డు చేసిన ప్రెస్సుకి నేనే ఫోన్ చేశాను. హార్డ్ డిస్క్ పోయిందనీ, ఫైల్ లేదనీ, కావాలంటే ఆ డిజైనే వాడుకోమనీ చెప్పారు. ఈ ఫోన్ మాత్రం మానకండి. డిజైన్ వేరొకరిదైనప్పుడు అడగడం మర్యాద, అదృష్టం బాగుంటే అసలు ఫైలే దొరుకుతుంది. పీడీఎఫ్ దొరికినా చాలు, అందులో అక్షరాలు గీతలుగా విడివిడిగా ఉంటే మన పని మూడు వంతులు తగ్గిపోతుంది.

పాత పేర్లు సౌజన్య, కిరణ్. కొత్త పేర్లు శ్రావణి, తేజ. బొమ్మ 1143 × 1600 పిక్సెల్స్, వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చింది. మీగడ రంగు నేల మీద మామిడి పిందెల డిజైన్ లీలగా ఉంది, దాని మీద బంగారు అక్షరాలు, వాటి కింద మెత్తటి నీడ. పైన "శ్రీరస్తు", దాని కింద పెద్దగా "వివాహ మహోత్సవ ఆహ్వానం", ఆ కింద రెండు పేర్లు, ఇవన్నీ ఒకే చేతి రాతలా ఉన్నాయి. మిగతాదంతా మామూలు డీటీపీ అక్షరాలు.

ఫాంట్ కోసం ఎంతసేపు వెతకాలి

అరగంట. అంతకు మించొద్దు. మన ప్రెస్సుల్లో ఇలాంటి కార్డులు ఎక్కువగా అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లతో చేసినవే. అవి యూనికోడ్ కాదు. ఫోనులో టైపు చేసిన తెలుగుని వాటిలో పేస్ట్ చేస్తే చెత్త గుర్తులు వస్తాయి. పైగా అలంకారం కావాలనుకున్న డిజైనర్ ఆ ఫాంట్‌ని కూడా ఉన్నది ఉన్నట్టు వాడడు. కోరల్‌డ్రాలో గీతలుగా మార్చి తోకలు లాగుతాడు, పొల్లు తిప్పుతాడు. అందుకే ఫాంట్ దొరికినా చాలాసార్లు అక్షరం కలవదు.

అది ఫాంటా, చేత్తో గీసిందా తెలుసుకోడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒకే అక్షరం రెండు చోట్ల ఎక్కడుందో చూడండి. మా కార్డులో "వివాహ"లో వా ఉంది, "మహోత్సవ" చివర వ ఉంది. రెంటినీ రెండు లేయర్లుగా తీసి, పైదాని అపాసిటీ 50 శాతానికి తగ్గించి ఒకదాని మీద ఒకటి పెట్టాను. పైన దీర్ఘం, తలకట్టు వేరు కాబట్టి కింద పొట్ట మాత్రమే పోల్చాలి. గీతకి గీత అతికినట్టు సరిపోయింది. అంటే ఇది ఫాంటే. చేతిరాత అయితే ఎక్కడో ఒకచోట జరుగుతుంది, అప్పుడు మన పని కాస్త తేలిక, కొంచెం తేడా వచ్చినా రాతలో కలిసిపోతుంది. ఫాంటైతే అంత వెసులుబాటు ఉండదు. పక్కపక్కన ఉన్న గీతల మందం, పొట్టల ఎత్తు నిక్కచ్చిగా కలవాలి.

బీరువాలో ఉన్న కార్డు తెప్పించుకోండి

వాట్సాప్ బొమ్మ మీద అక్షరాలు కోయబోతే అంచుల చుట్టూ నలుసులు నలుసులుగా కనిపిస్తుంది. జేపెగ్ బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి నొక్కుతుంది, ఆ గళ్ళ మురికి అక్షరం అంచులకే ఎక్కువ అంటుకుంటుంది. నేను పెద్దాయన్ని అచ్చేసిన కార్డు ఒకటి తెమ్మన్నాను. పెళ్ళయిన ఇంట్లో పాత శుభలేఖ లేకుండా ఉండదు. సాయంత్రానికి తెచ్చేశారు, పసుపు మరకతో సహా.

5 × 7 అంగుళాల కార్డుని 600 డీపీఐలో స్కాన్ చేస్తే ఎత్తు 4200 పిక్సెల్స్ వస్తుంది. ఫోన్ బొమ్మకి రెండున్నర రెట్లు దాటి. పేర్లు గోల్డ్ ఫాయిల్‌లో ఉన్నాయి. ఫాయిల్ స్కానర్ కింద మెరవదు, వెలుతురు పక్కకి తిరిగిపోయి ముదురు గోధుమ రంగులో పడుతుంది. చూసి కంగారు పడకండి, మనకి కావాల్సింది అదే. లేత నేల మీద ముదురు అక్షరం అంటే ఆకారం శుభ్రంగా తెగుతుంది. రంగుతో ఇప్పుడు పని లేదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా పాడు చేసుకునేది ఇక్కడే. బంగారు రంగుతో సహా అక్షరాన్ని కోసి తెచ్చి అతికిస్తారు. పై వరుసలో అక్షరం మీద మెరుపు ఒక ఎత్తులో ఉంటుంది, కింది వరుసలో ఇంకో ఎత్తులో. నీడ సగం తెగిపోతుంది. ఎంత దిద్దినా అతుకు కనిపిస్తూనే ఉంటుంది. ఆకారం మాత్రం తెచ్చుకుని, బంగారం మళ్ళీ మనమే పోసుకోవాలి. అది కూడా రెండు పేర్లకీ కలిపి ఒకేసారి.

ఏ ముక్క ఎక్కడినుంచి

కంప్యూటర్ ముట్టుకోకముందు కాగితం తీయండి. తెలుగు అక్షరం ముక్కలుగా విడిపోతుంది: పొట్ట, తలకట్టు, గుడి, కొమ్ము, దీర్ఘం, ఒత్తు. పూర్తి అక్షరం కార్డులో లేకపోయినా ముక్కలు ఉండొచ్చు. మాకు కుదిరిన జాబితా ఇది.

- శ్రా: "శ్రీరస్తు"లో శ్రీ నుంచి గుడిదీర్ఘం తీసేసి, "వివాహ"లో వా నుంచి దీర్ఘం తెచ్చి పెట్టాలి.
- వ: "మహోత్సవ" చివరిది ఉన్నది ఉన్నట్టు.
- ణి: "కిరణ్"లో ణ్ నుంచి పొల్లు తీసేయాలి, అదే పేరులో కి మీది గుడి తేవాలి.
- తే: "మహోత్సవ"లో త్స నుంచి కింద సవత్తు, పైన తలకట్టు తీసేస్తే త పొట్ట మిగులుతుంది. ఏత్వం కార్డులో ఎక్కడా లేదు.
- జ: "సౌజన్య"లోది.

మొత్తం మీద లేనిది ఒక్క ఏత్వం. ఇలా ఒకటో రెండో ముక్కలు తక్కువైతే పని పెట్టుకోవచ్చు. పేరులో సగం అక్షరాలు లేకపోతే మాత్రం నేను ఈ దారి పట్టను. అప్పుడు శీర్షికా పేర్లూ అన్నీ కలిపి ఇంకో ఫాంట్‌లోకి మార్చేస్తాను. కార్డు మొత్తం ఫాంట్ మారిందని చుట్టాల్లో ఎవరూ కనిపెట్టరు, ఒకే వరుసలో రెండు అక్షరాలు రెండు రకాలుగా ఉంటే మాత్రం పదేళ్ళ పిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

ముక్కలతో అక్షరం కట్టేటప్పుడు పోలికలు గుర్తుంటే చాలా కలిసొస్తుంది. ప, వ తేడా ప్రధానంగా తలకట్టు దగ్గరే, పకి విడిగా ఉంటుంది, వకి అంటుకుని ఉంటుంది. స, న కూడా అంతే, సకి విడిగా, నకి అంటుకుని. ద కింద చిన్న నిలువు గీత పెడితే ధ, ఆ పొట్టలో చుక్క పెడితే థ. పకి కింద గీత పెడితే ఫ. బకి తలకట్టు లేదు, భకి ఉంది. ఖ, జ, ట, ణ, ల కూడా తలకట్టు లేనివే, కాబట్టి వీటి నుంచి తలకట్టు తెచ్చుకుందామని వెతకొద్దు.

కోత, కొలత

నేను వాడింది గింప్, ఉచితమే. ఫోటోషాప్‌లో అయినా వరుస ఇదే.

స్కాన్ తెరిచి `Colors > Threshold`లోకి వెళ్ళి అక్షరాలు నల్లగా, నేల తెల్లగా విడిపోయే దాకా జరిపాను. కావాల్సిన అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో లేయర్‌లోకి తీసుకున్నాను. తర్వాత కోత. వా నుంచి దీర్ఘాన్ని విడగొట్టేటప్పుడు ఎక్కడ కోయాలన్నది ముఖ్యం. గీత సన్నబడే చోటే కోయాలి, అక్కడ అతుకు కూడా సన్నగా ఉంటుంది, దాచడం సులువు. గీత లావుగా ఉన్న వంపు మధ్యలో కోస్తే, అవతల అతికించేటప్పుడు వంపు వంపుకి కలవక మోకాలు విరిగినట్టు కనిపిస్తుంది.

కోసిన ముక్కలు మూడు సైజుల్లో ఉన్నాయి. పేర్లలో పొట్ట ఎత్తు 126 పిక్సెల్స్. శీర్షికలో 163. "శ్రీరస్తు"లో 105. కాబట్టి శీర్షిక ముక్కల్ని 126/163 అంటే 77 శాతానికి తగ్గించాలి, శ్రీ ముక్కని 126/105 అంటే 120 శాతానికి పెంచాలి. కొలిచేటప్పుడు గుళ్ళూ తోకలూ కలపకండి, వట్టి పొట్ట ఎత్తే కొలవండి. అలంకారపు ఫాంట్లలో తోకలు పొడుగూ పొట్టీగా ఉండి మోసం చేస్తాయి.

ఎత్తు సరిపోయింది కదా అని సంబరపడితే కుదరదు, గీత మందం చూడాలి. పేర్లలో గీత లావు చోట 24 పిక్సెల్స్ ఉంది. శీర్షికలో 29, దాన్ని తగ్గించాక 22 చిల్లర అయింది. శ్రీలో 18, పెంచాక 21 చిల్లర. చూడ్డానికి రెండు పిక్సెల్సే, కానీ పక్కన 24 ఉన్న జ పెడితే శ్రా బక్కచిక్కినట్టు కనిపించింది. దీనికి మందు తేలికే. ముక్క మీద `Filters > Blur > Gaussian Blur` 3 పిక్సెల్స్ పెట్టి, మళ్ళీ `Threshold` తెరిచి మామూలుగా ఉండే 127 కంటే పైకి జరిపితే అక్షరం లావవుతుంది, కిందకి జరిపితే సన్నబడుతుంది. మెల్లగా జరుపుతూ గీత 24కి వచ్చేదాకా కొలుచుకున్నాను. లావు కోసం అక్షరం చుట్టూ అదే రంగు గీత వేసేవాళ్ళుంటారు, అలా చేస్తే సన్నటి కొసలు కూడా లావెక్కి ఫాంట్ అందమంతా పోతుంది.

గుడి ఎక్కడ కూర్చోవాలి

ణ మీద కి గుడి తెచ్చి పెట్టగానే ణిలా కనిపించలేదు. గుడి గాలిలో వేలాడుతున్నట్టుంది. కారణం చూస్తే, కకి గుడి నడినెత్తిన కూర్చుంటుంది, ణకి అలా కాదు, కాస్త కుడివైపు కొమ్మ మీద వాలుతుంది. ఇలాంటి సందేహం ఎప్పుడొచ్చినా నేను చేసేది ఒకటే. ఏదో ఒక మంచి యూనికోడ్ ఫాంట్‌లో ఆ అక్షరం టైపు చేసి పక్కన పెట్టుకుంటాను. Suranna గానీ Noto Serif Telugu గానీ చాలు, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ అక్షరాన్ని 126 ఎత్తుకి తెచ్చి, లేత ఎరుపు చేసి, అడుగున లేయర్‌గా పరిచి, దాని మీద నా ముక్కలు పేర్చాను. గుడి ఎక్కడ తాకాలో, దీర్ఘం ఎంత దూరం వెళ్ళాలో ఆ అడుగు బొమ్మ చెబుతుంది. ఆ ఫాంట్ నుంచి గీత ఒక్కటి కూడా తీసుకోను, స్థానం మాత్రమే తీసుకుంటాను. ఫాంట్ వేరైనా తెలుగులో ముక్కల కూర్పు పెద్దగా మారదు, అందుకే ఇది పనిచేస్తుంది.

ఫోటోషాప్‌లో ఇది టైపు చేస్తే శ్రా కాస్తా శ్ అని విడిగా, రా అని విడిగా పడుతుంటే ఫాంట్‌ని తిట్టకండి, మీది పాత వెర్షన్ అయి ఉంటుంది. `Preferences > Type`లో టెక్స్ట్ ఇంజిన్‌ని `World-Ready Layout`కి మార్చాలి. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు `Middle Eastern and South Asian` అని ఉంటుంది. గింప్‌లో ఈ గొడవ లేదు.

శ్రా కూడా ఇలాగే పేర్చాను. శ్రీ మీద గుడిదీర్ఘం కోసినప్పుడు శ నెత్తిన చిన్న గుంట పడింది, వా దీర్ఘం మొదలు ఆ గుంటలోనే కూర్చుంది కాబట్టి అతుకు కనబడలేదు. కింద క్రారవడి శ్రీతోనే వచ్చింది, దాన్ని ముట్టుకోలేదు.

లేని ఏత్వం

తేకి కావలసిన ఏత్వం బయటి నుంచి తేవాల్సిందే. నాలుగు ఫాంట్లలో తే టైపు చేసి చూశాను: Ravi Prakash, Ponnala, Sree Krushnadevaraya, Lakki Reddy. ఇక్కడ చూడాల్సింది అక్షరం మొత్తం పోలిక కాదు, లావు సన్నం తేడా ఎంతుందన్నది. మా కార్డులో లావు చోట 24, సన్నటి చోట 7 ఉంది. మిగతావాటికన్నా Ravi Prakashలో వంపు దగ్గరగా అనిపించింది, దాన్నే తీసుకున్నాను.

అతికించాక దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక తేడా కనిపించింది. మా కార్డు అక్షరాల్లో గీత చివర ప్రతిచోటా చిన్న నీటిబొట్టు ఆకారంలో ఉబ్బుతుంది. తెచ్చిన ఏత్వం చివర అలా లేదు, మామూలుగా ఆగిపోయింది. చూసేవాడికి కారణం తెలియకపోయినా "ఇదేదో వేరేగా ఉంది" అనిపించేది ఇలాంటి చోటే. త్స నుంచి కోసి పక్కన పెట్టిన తలకట్టు ఉంది కదా, దాని కొసన ఆ బొట్టు ఉంది. ఆ బొట్టు వరకూ కోసి, తిప్పి, ఏత్వం కొసకి అతికించాను. అందుకే కోసిన ముక్క ఏదీ పారేయకూడదు. చివరి దాకా చెత్త లేయర్లు అలాగే ఉంచుకోండి.

అన్ని ముక్కలూ పేర్చాక ఒక్కో పేరుని ఒకే లేయర్‌గా కలిపి, మళ్ళీ 2 పిక్సెల్స్ బ్లర్, మళ్ళీ 127 దగ్గర థ్రెషోల్డ్. అతుకుల దగ్గర ఉన్న చిన్న పళ్ళన్నీ కరిగి నున్నగా అవుతాయి. ఎక్కువ బ్లర్ ఇస్తే బొట్లు, కొసలు కూడా కరిగిపోతాయి, కాబట్టి రెండు దాటొద్దు.

అక్షరాల మధ్య ఖాళీని స్కేలుతో సమానంగా పెట్టకండి. తే కుడివైపు గుండ్రం, జ ఎడమవైపు కూడా వంపే. రెండు గుండ్రాలు పక్కపక్కన వస్తే కొలతకి సమానంగా ఉన్నా కంటికి దూరంగా కనిపిస్తాయి. కంటికి సరిపోయేదాకా దగ్గరికి జరిపాను. రెండక్షరాల పేరు మూడక్షరాల చోటులో చిన్నబోయినట్టుంటుంది, దాన్ని అడ్డంగా సాగదీయాలనిపిస్తుంది. సాగదీస్తే నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు అలాగే ఉండిపోయి, ఇంతసేపూ పడ్డ కష్టం పోతుంది. పేరుని మధ్యకి తెచ్చి, ముందున్న చి॥ ని కూడా దాని పక్కకి జరిపాను. ఇది చాలామంది మరిచిపోతారు. చి॥ పాత చోటే ఉండిపోతే పేరుకీ దానికీ మధ్య కాలువంత ఖాళీ మిగులుతుంది.

పాత పేర్లు చెరపడం

ఇప్పుడు ఫోన్ బొమ్మ. నేల ఒకే రంగైతే బ్రష్‌తో అయిపోయేది. ఇక్కడ మామిడి పిందెల డిజైన్ ఉంది, పైనుంచి కిందకి రంగు మెల్లగా ముదురుతోంది కూడా. పిందె నుంచి పిందెకి అడ్డంగా దూరం కొలిస్తే 96 పిక్సెల్స్ వచ్చింది. డిజైన్ అచ్చంగా ప్రతి 96 పిక్సెల్స్‌కీ మళ్ళీ వస్తుందన్నమాట. క్లోన్ టూల్‌లో `Aligned` పెట్టి, పేరుకి ఎడమపక్క ఖాళీగా ఉన్న చోటుని మూలంగా తీసుకున్నాను, సరిగ్గా 96కో, దాని గుణిజాలకో అడ్డంగా దూరంలో. నిలువుగా ఒక్క పిక్సెల్ కూడా జరపకూడదు. జరిపితే డిజైన్ కలిసినా రంగు కలవదు, ఎండలో ఆరేసిన చీరలా పట్టీ కనిపిస్తుంది.

అక్షరాన్ని అంచు వరకే చెరిపితే చాలదు. నీడ కుడికీ కిందకీ సాగి ఉంటుంది, దాని చుట్టూ జేపెగ్ మురికి ఉంటుంది. అక్షరం అంచు నుంచి పది పిక్సెల్స్ దాకా కలిపి చెరపండి. అయిందో లేదో తెలియాలంటే ఒక తాత్కాలిక `Curves` పెట్టి కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి. మామూలు కంటికి కనబడని పాత పేరు దెయ్యంలా పైకి తేలుతుంది. మొదటిసారి నాకు "సౌ" పొట్ట చక్కగా కనబడింది.

బంగారం, నీడ

కట్టిన పేర్లని 1600/4200 లెక్కన, అంటే 38.1 శాతానికి తగ్గించి బొమ్మలోకి తెచ్చాను. పొట్ట ఎత్తు 48 పిక్సెల్స్ అయింది, పాత పేర్లలో ఉన్నంతే. బంగారు గ్రేడియెంట్ నింపిన లేయర్ ఒకటి చేసి, ఈ ఆకారంలో నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా మార్చి దానికి మాస్క్‌గా పెట్టాను. గ్రేడియెంట్ రంగుల్ని ఊహించి పెట్టకండి. చెరపకముందు బొమ్మలో పాత పేరు మీదే పైన, మధ్యలో, కింద కలర్ పిక్కర్ పెట్టి మూడు రంగులు రాసుకోవాలి. పిక్కర్‌ని ఒక్క పిక్సెల్ మీద కాకుండా 3 × 3 సగటుకి పెట్టుకుంటే మురికి రంగు తగలదు. నాకు వచ్చినవి ఇవి.

```
పైన    #F3DC8C
మధ్య   #C9962F
కింద   #8C5C16
```

నీడ కూడా పాతదాన్ని చూసే పెట్టాలి. ముందు `Apply Layer Mask` కొట్టి మాస్క్‌ని లేయర్‌లో కలిపేయాలి, లేకపోతే నీడ అక్షరానికి కాకుండా లేయర్ మొత్తానికి పడుతుంది. `Filters > Light and Shadow > Drop Shadow`లో కుడికి 2, కిందకి 3, బ్లర్ 3, రంగు ముదురు గోధుమ. ఇందులో నలుపు వేస్తే మీగడ రంగు నేల మీద మసి అంటినట్టుంటుంది.

ఇంతా చేశాక కొత్త పేర్లు పాత శీర్షిక కన్నా స్పష్టంగా కనిపిస్తాయి. అదీ తప్పే. శీర్షిక పది ఫోన్లు తిరిగి మెత్తబడింది, మన అక్షరం నిన్న పుట్టింది. పేర్ల లేయర్‌కి 0.6 పిక్సెల్ బ్లర్ ఇచ్చాను, పైన అతి కొద్దిగా నాయిస్ చల్లాను. చెరిపిన నేల మీద నాయిస్ అక్కర్లేదు, అది బొమ్మలోంచే క్లోన్ అయింది కాబట్టి దాని నాయిస్ దానితోనే వచ్చింది.

అమ్మాయి తల్లిదండ్రులు మారరు కాబట్టి ఆ వరుస అలాగే ఉంచాను. అబ్బాయి తల్లిదండ్రులు, తేదీ, ముహూర్తం, వేదిక ఉన్న భాగాన్ని మాత్రం ఒక్కో పదం కాకుండా మొత్తం చెరిపేసి Mandaliలో కొత్తగా టైపు చేశాను. ఒకే పేరాలో రెండు మామూలు ఫాంట్లు పక్కపక్కన పడితే అలంకారపు అక్షరాల కన్నా ఎక్కువ బయటపడతాయి.

ఇచ్చే ముందు

బొమ్మని తలకిందులు చేసి చూడండి. చదవడం ఆగిపోయి కన్ను ఆకారాల్ని మాత్రమే చూస్తుంది, లావు సన్నం తేడాలు అప్పుడు దొరుకుతాయి. అలాగే మొత్తం బొమ్మకి 4 పిక్సెల్స్ బ్లర్ ఇచ్చి చూసి, తర్వాత రద్దు చేయండి. ఏదైనా అక్షరం మిగతావాటికన్నా నల్లగానో పల్చగానో మచ్చలా కనిపిస్తే దాని మందం ఇంకా కుదరలేదని అర్థం. నాకు శ్రా కింద క్రారవడి కొంచెం నల్లగా అనిపించింది, థ్రెషోల్డ్ దగ్గరికి వెనక్కి వెళ్ళి సన్నం చేశాను.

లేయర్లున్న ఫైల్‌ని `.xcf`గా దాచి, జేపెగ్ ఒక్కసారే 92 క్వాలిటీలో తీశాను. పెద్దాయనకి వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాను, లేకపోతే మొదటి పంపకంలోనే మళ్ళీ నొక్కేస్తుంది. ఈ బొమ్మ ఫోన్లలో పంచుకోడానికే. 5 × 7 అంగుళాల కార్డు 300 డీపీఐలో అచ్చు వేయాలంటే 1500 × 2100 పిక్సెల్స్ కావాలి, 1143 × 1600 చాలదు. అచ్చు కూడా కావాలంటే నేల మళ్ళీ గీసుకోవాలి. అక్షరాలకి మాత్రం బెంగ లేదు, 4200 ఎత్తులో కట్టినవి ఎలాగూ ఉన్నాయి.

పెద్దాయన ఫోను కాస్త దూరంగా పెట్టి, కళ్ళజోడు పైకి నెట్టి, పెద్దమ్మాయి కార్డు పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "అక్షరాలు సరిపోయాయండి" అన్నారు. తర్వాత వేలితో తేదీ మీద కొట్టి, "శుక్రవారం కాదండీ, గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం అని రాయాలి" అన్నారు. తెల్లవారుజామున ముహూర్తం కదా మరి. ఆ వరుస మళ్ళీ టైపు చేయడానికి రెండు నిమిషాలు పట్టింది.